రాత్రికి రాత్రి లేచిన గడ్డ వేరు, జ్వరం తర్వాత లేచిన గడ్డ వేరు

"డాక్టర్ గారూ, మాకు ఆరు ఆవులున్నాయి. వాటిలో ఒకటి నాలుగు రోజులుగా మేత సరిగా తినడం లేదు, పాలు సగానికి పడిపోయాయి. మొన్నటి నుంచి మెడ మీద, పక్కల మీద గడ్డలు లేచాయి. ఒకరు లంపీ అంటున్నారు. ఇంకొకరు ఏదో పురుగు కుట్టి ఉంటుంది, అదే పోతుంది అంటున్నారు. మేం కొత్త పశువును తేలేదు, మా ఆవులు బయటికి మేతకు కూడా వెళ్లవు. మరి ఎక్కడి నుంచి వస్తుంది? దీన్ని విడిగా కట్టేస్తే మిగతా ఐదూ తప్పించుకుంటాయా? చాలా టెన్షన్‌గా ఉంది."

మీ ఉత్తరంలో నన్ను ఆపింది గడ్డల సంగతి కంటే వాటికి ముందు జరిగిన సంగతి. ముందు మేత తగ్గింది, పాలు పడిపోయాయి, రెండు రోజులు గడిచాక గడ్డలు లేచాయి. ఈ వరుస లంపీకి, అంటే ఒళ్లంతా గడ్డలు లేపే వైరస్ జబ్బుకు, బాగా సరిపోతుంది. ఉత్తరం చదివి ఖాయంగా చెప్పలేను కాబట్టి ఈ రోజే పశువైద్యుడికి కబురు పెట్టండి. ఆయన వచ్చేలోగా మీరు స్వయంగా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. అవి చూసి రాసి పెట్టుకుంటే ఆయన పని సగం తేలికవుతుంది.

మొదట థర్మామీటర్. ఆవును నీడన కాసేపు నిలబెట్టి, ఆసనంలో పెట్టి, కొన పేడలో కాకుండా లోపలి గోడకు ఆనేలా వంచి రెండు నిమిషాలు ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న ఆవుకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. లంపీలో 104 దాటుతుంది, 106 దాకా పోవడమూ మామూలే. గడ్డలు లేవకముందే ఈ జ్వరం మొదలవుతుంది, లేచాక కూడా కొన్ని రోజులు ఉంటుంది. చాలామంది గడ్డలు కనపడ్డాకే థర్మామీటర్ తీస్తారు. ఒకవేళ మీరు చూసేసరికి జ్వరం తగ్గిపోయి ఉంటే లంపీ కాదని అనుకోవద్దు. ముందు రోజుల్లో మేత, నెమరు, పాలు తగ్గాయంటే ఆ జ్వరం వచ్చి వెళ్లి ఉండొచ్చు.

తర్వాత చేత్తో తడిమి చూడాలి. ఒక గడ్డను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చర్మంతో పాటు పైకి లేపండి. లంపీ గడ్డ గట్టిగా, గుండ్రంగా, అంచు స్పష్టంగా తెలిసేలా ఉంటుంది. అర సెంటీమీటరు నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. అది చర్మం పైన అంటించినట్టు ఉండదు, చర్మం మందం మొత్తంలో పాతుకుని ఉంటుంది. చర్మాన్ని జరిపితే గడ్డా దాంతోపాటే జరుగుతుంది. బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడదు. దాని మీద వెంట్రుకలు కొంచెం నిక్కపొడుచుకుని ఉంటాయి. అందుకే పొట్టి వెంట్రుకలున్న ఆవు మీద దూరం నుంచే కనపడతాయి, దట్టమైన వెంట్రుకలుంటే చేతికే తెలుస్తాయి.

అదే చేతిని భుజానికి ముందు, మెడ మొదలయ్యే చోట పెట్టండి. ఆ తర్వాత డొక్క కింద, వెనక మోకాలికి ముందున్న చర్మం మడతలో చూడండి. మనకు గజ్జల్లో బిళ్లలు కట్టినట్టు పశువుకు ఈ రెండు చోట్ల లింఫ్ గ్రంథులు వాచి చేతికి తగులుతాయి. లంపీలో ఇవి ఎంత పెరుగుతాయంటే, ఒక్కోసారి నిలబడి చూస్తేనే భుజం ముందు ఉబ్బు కనపడుతుంది. గడ్డల విషయంలో ఎంతో తికమక పడిన చోట కూడా ఈ బిళ్లలు నాకు దారి చూపించాయి. కళ్ల నుంచి నీరు, ముక్కు నుంచి చీమిడి, నోట్లో పుళ్లు, చొంగ, గంగడోలులోనో కాళ్లలోనో నీరు దిగడం కూడా తోడైతే అనుమానం ఇంకా బలపడుతుంది.

మూడోది, గడ్డలు ఎంతసేపు నిలుస్తున్నాయో గమనించడం. దీన్ని ఒక అనుభవంతో చెబితే బాగా అర్థమవుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒకే రోజు "లంపీ వచ్చింది" అని రెండు కొట్టాల నుంచి పిలుపు వచ్చింది. మొదటి చోట ఆవు ముఖం వాచి, కనురెప్పలు మూసుకుపోయేంత ఉబ్బి ఉన్నాయి. ఒంటి మీద అరచేయంత దద్దుర్లు, కొన్ని ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. నొక్కితే మెత్తగా గుంట పడింది. జ్వరం చూస్తే 101.8. మేత ముందు పెడితే తింటోంది, బిళ్లలు లేవు. ఇంటివాళ్లను అడిగితే ఆ ఉదయమే ఒక ఇంజెక్షన్ వేయించామని, మధ్యాహ్నానికి ఇలా అయిందని చెప్పారు. అది అలర్జీ. తగిన మందు ఇచ్చాను, రాత్రికి సగం దిగిపోయింది, మర్నాటికి ఒళ్లు నున్నగా ఉంది. అలర్జీ దద్దుర్లు నిమిషాల్లోనో గంటల్లోనో లేస్తాయి, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మచ్చ కూడా లేకుండా పోతాయి. పురుగులు కుట్టిన గడ్డలదీ దాదాపు ఇదే తీరు. మీ ఆవు మీద ఒకే గడ్డ చుట్టూ మార్కర్‌తో గీత గీసి మర్నాడు చూడండి. రెండు రోజులైనా అక్కడే, అంతే గట్టిగా ఉంటే అది పురుగు కాటు మాట కాదు.

రెండో కొట్టంలో ఐదు ఆవులు. ఒక ఆవు తల వంచుకుని, కళ్లు కారుతూ నిలబడి ఉంది. 105.4 జ్వరం. మెడ మీద, డొక్కల మీద, పొదుగు మీద గోలీకాయల నుంచి నిమ్మకాయల దాకా గడ్డలు. భుజం ముందు బిళ్ల కోడిగుడ్డంత ఉంది. అప్పటికి రెండు రోజులుగా గడ్డలు కరగలేదు. ఈ కొట్టం సంగతి మళ్లీ చెబుతాను, మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఈ వ్యాధిని పురుగు కాటుగా పొరపడటం మీ ఊళ్లోవాళ్లతో మొదలైంది కాదు. 1929లో ఇప్పటి జాంబియాలో దీన్ని మొట్టమొదట గుర్తించినప్పుడు కూడా ఏదో విషమనీ, పురుగులు కుట్టడం వల్ల వచ్చిన అలర్జీ అనీ అనుకున్నారు. ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే వ్యాధి అని తేలడానికి 1940ల దాకా పట్టింది.

ఇక పశువైద్యులను కూడా తికమక పెట్టేది ఒకటుంది. దాని పేరే సూడో లంపీ, అంటే లంపీలాంటిది. లంపీ వైరస్ గొర్రె మశూచి, మేక మశూచి వైరస్‌ల కుటుంబానికి చెందింది. సూడో లంపీ తెచ్చేది దానితో ఏ సంబంధమూ లేని హెర్పిస్ వైరస్. ఇందులోనూ కొద్దిపాటి జ్వరం వస్తుంది, ఒళ్లంతా ఒక్కసారే గుండ్రటి మచ్చలు లేస్తాయి. తేడా లోతులో ఉంది. సూడో లంపీ గడ్డ చర్మం పైపొరలోనే ఉంటుంది. పైన చదునుగా, మధ్యలో కాస్త నొక్కుకుపోయినట్టు ఉండి, కొన్ని రోజులకు పైన చెక్కు కడుతుంది. ఆ చెక్కు వెంట్రుకలతో సహా ఊడిపోతే కింద గుండ్రటి బోడి మచ్చ కనపడుతుంది. రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ వెంట్రుకలు మొలుస్తాయి, గుంట మిగలదు. ఆవు కూడా పెద్దగా నలగదు, మేత తింటూనే ఉంటుంది.

లంపీ గడ్డ అంత మర్యాదగా పోదు. కొన్ని గడ్డలు వాటంతట అవే గట్టిపడి నెలల తరబడి ఉండిపోతాయి. కొన్నింటి నడిమి భాగం చచ్చి నల్లబడుతుంది. చుట్టూ గాడి పడి, సీసాకు బిరడా బిగించినట్టు ఆ చచ్చిన ముక్క పుండు మధ్యలో నిలుస్తుంది. అది ఊడితే కింద లోతైన గుంట, దాంట్లో ఈగలు గుడ్లు పెడితే పురుగులు. ఆ బిరడా కనిపించాక దాదాపు ఇంక అనుమానం అక్కర్లేదు. కానీ అప్పటికి రెండు మూడు వారాలు గడిచిపోతాయి కాబట్టి దానికోసం ఎదురు చూడకూడదు. జ్వరం ఉన్నప్పుడే గడ్డ నుంచి చిన్న ముక్కో చెక్కో, దాంతోపాటు రక్తం, ముక్కు స్రావం తీసి ల్యాబుకు పంపితే పీసీఆర్ పరీక్ష ఈ రెండు వైరస్‌లను స్పష్టంగా విడదీస్తుంది. గడ్డ నుంచి తీసిన నమూనా అన్నిటికంటే నమ్మకమైనది, వైరస్ ఎక్కువగా ఉండేది అక్కడే.

మిగతావి మిమ్మల్ని అంతగా ఇబ్బంది పెట్టవు. దూడల కళ్ల చుట్టూ బూడిద రంగు పొలుసులతో వచ్చే గుండ్రటి మచ్చలు తామర, దానికి జ్వరం ఉండదు. అయితే అది మనుషులకూ అంటుతుంది కాబట్టి తాకాక చేతులు కడుక్కోవాలి. కాడతో, గరుకుగా, పువ్వులా విచ్చుకున్నవి పులిపిర్లు. వీపు మీద వరుసగా గడ్డలు లేచి, ఒక్కోదానికి నడిమిన సన్నటి రంధ్రం ఉంటే లోపల ఒక రకం ఈగ పిల్లపురుగు ఊపిరి తీసుకుంటోందని అర్థం. వానల్లో తడిసిన పశువుకు వెంట్రుకలు కుచ్చులుగా అతుక్కుని, లాగితే చెక్కుతో సహా ఊడి వస్తే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే చర్మవ్యాధి. ఇవన్నీ నిదానంగా వస్తాయి, జ్వరంతో మొదలవవు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మీ ఆవుకు ఈమధ్యే లంపీ టీకా వేయించి ఉంటే, సూది పడిన చోట వాపు, ఒంటి మీద అక్కడక్కడా చిన్న గడ్డలు రావచ్చు. అవి చిన్నవిగా, పైపైన ఉండి రెండు మూడు వారాల్లో పోతాయి. టీకా తేదీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు ఆ రెండో కొట్టం దగ్గరకు వద్దాం. వాళ్లూ మీలాగే కొత్త పశువును తేలేదు, ఆవులను బయటికి తోలలేదు. నేను వెళ్లిన రోజే జబ్బు ఆవును ఇరవై అడుగుల దూరంలో చెట్టు కింద వేరుగా కట్టారు. వేరే గంప, వేరే నీళ్ల తొట్టి, వేరే మనిషి. ఇంత జాగ్రత్త పడ్డా పదిహేనో రోజున రెండో ఆవుకు జ్వరం, ఆ తర్వాత గడ్డలు. అదే వారంలో మూడో ఆవుకు రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గిపోయింది, ఒక్క గడ్డా లేవలేదు. దాని రక్తం పంపిస్తే లంపీ వైరస్ ఉందని తేలింది. "తాకనిదే ఎలా వచ్చింది?" అని ఆ ఇంటి పెద్దాయన నన్ను అడిగిన తీరు ఇంకా గుర్తుంది.

ఉదయం ఎండ ఎక్కే వేళ ఆ ఆవుల కాళ్ల దగ్గర గొంతుకూర్చుని చూశాను. ఆవులు కాళ్లు నేలకేసి కొడుతున్నాయి, తోక ఆగడం లేదు. ముందు కాళ్ల మీద, తల పైకి పెట్టి వాలి ఉన్న ఈగలు. చూడటానికి ఇంటి ఈగలాగే ఉంటాయి, కానీ నోటి దగ్గర సూదిలాంటి తొండం ముందుకు పొడుచుకుని కనపడుతుంది. ఇంటి ఈగ నాకుతుంది, ఇది గుచ్చి రక్తం తాగుతుంది. ఇంగ్లీషులో స్టేబుల్ ఫ్లై అంటారు. దీని కాటు బాగా నొప్పి పెడుతుంది. అందుకే ఆవు వెంటనే కాలు విదిలిస్తుంది. కడుపు నిండని ఈగ ఆ తొండంతోనే పక్క ఆవు మీద వాలుతుంది. గడ్డ మీద గుచ్చిన తొండానికి అంటుకున్న వైరస్ అలా రెండో ఆవు చర్మంలోకి దిగుతుంది. ఈగ లోపల వైరస్ పెరగాల్సిన పనే లేదు, వాడిన సూదినే మళ్లీ వాడినట్టు. ఈగకు ఇరవై అడుగులు ఒక లెక్క కాదు. ఆవును వేరుగా కట్టారు గానీ ఈగకు రెండూ ఒకే కొట్టం.

ఈ పని చేసేది ఈ ఈగ ఒక్కటే కాదు. ఏడిస్ ఈజిప్టై దోమ జబ్బు పశువు రక్తం తాగాక ఆరు రోజుల దాకా వైరస్‌ను మరో పశువుకు ఇవ్వగలదని ప్రయోగాల్లో తేలింది. పిడుదులూ మోసుకెళ్తాయి. పశువు పశువును రాసుకోవడం, చొంగ, ముక్కు స్రావాలు పడిన తొట్టి వల్ల కూడా రావచ్చు గానీ, కుట్టే పురుగులతో పోలిస్తే ఆ దారి చాలా సన్నం. జబ్బు పడిన ఆబోతు వీర్యంలో వైరస్ వారాల తరబడి ఉంటుంది. ఒకే సూదితో వరుసగా ఇంజెక్షన్లు వేయడమంటే ఈగ చేసే పనిని మన చేత్తో మనమే చేయడం. మందలో ఒకదానికి జ్వరం రాగానే "ముందు జాగ్రత్త"గా అన్నిటికీ అదే సూదితో వేయించడం నేను చాలాసార్లు చూశాను. ప్రతి పశువుకూ కొత్త సూది అడగండి, ఇందులో మొహమాటం వద్దు.

మీరేమీ తేకుండా మొదటి పశువుకు ఎలా వచ్చిందంటే, వైరస్ ఒంట్లోకి వెళ్లాక జ్వరం రావడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి నాలుగైదు వారాలూ పట్టొచ్చు. పైగా నేను చెప్పిన మూడో ఆవులాగా వైరస్ సోకినవాటిలో చాలావాటికి గడ్డలే లేవవు. దూరాభారాలు దాటించేది లారీ ఎక్కిన ఇలాంటి పశువే. అది దిగిన చోట ఉన్న ఈగలు, దోమలు మిగతా పని చూసుకుంటాయి. ఆ కొట్టం విషయంలో, పక్కవాళ్లు అంతకు పది రోజుల ముందు కొన్న ఒక ఆవుకు అప్పటికే జ్వరం వచ్చి తగ్గిందని తర్వాత తెలిసింది. కొనేటప్పుడు దాని ఒళ్లు నున్నగా ఉందట. అయితే గడ్డలున్న పశువు నుంచి ఈగకు అంటేంత వైరస్, గడ్డలు లేనిదాని నుంచి అంటదు. కాబట్టి కొట్టంలో అసలు ప్రమాదం గడ్డలున్న ఆవే, దాన్ని ఈగలకు అందకుండా చేయడమే మీ పని.

అందుకని మీ ఆవును వేరు చేయండి, కానీ ఊరికే చెట్టు కింద కట్టేసి వదలకండి. దోమతెరలాంటి సన్నటి వల చుట్టూ కట్టిన చోట ఉంచండి. ఈగలు వాలకుండా చేసే మందు డాక్టరు చెప్పిన మోతాదులో ఆరు ఆవులకూ వాడండి, పిడుదుల మందు కూడా. ముందు మిగతా ఐదింటి పనులు ముగించుకుని, చివర్లో జబ్బు ఆవు దగ్గరకు వెళ్లండి.

దీనికంటే ముఖ్యం కొట్టం వెనక చూడటం. స్టేబుల్ ఫ్లై తాజా పేడ మీద కంటే పేడ, మూత్రంతో తడిసి కుళ్లిన గడ్డిలో, తొట్టి కింద పులిసిన దాణాలో ఎక్కువగా గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఈగ కావడానికి వెచ్చటి రోజుల్లో రెండు మూడు వారాలు చాలు. నేను చెప్పిన కొట్టం వెనక మోకాలెత్తు తడి గడ్డి కుప్ప ఉంది. కర్రతో కదిపితే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడాయి. ఆ కుప్పను దూరంగా తీసుకెళ్లి పలుచగా ఎండలో ఆరబోయించాం, తర్వాత వారానికి రెండుసార్లు అదే చేశారు. మిగతా రెండు ఆవులకు జబ్బు రాలేదు. అది ఆ పని వల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను, అదే వారంలో వల కట్టారు, మందూ కొట్టారు. కానీ ఈగలు తగ్గడం మాత్రం కళ్లారా చూశాం.

ఊడిన చెక్కులను నేల మీద వదలొద్దు. ఎండిన చెక్కులో వైరస్ నెలకు పైగా బతికి ఉండగలదు, చీకటిగా ఉన్న కొట్టంలో అయితే ఇంకా ఎక్కువ కాలం. ఏరి కాల్చేయండి. ముందు పేడ, మట్టి శుభ్రంగా కడిగి, ఆ తర్వాతే 2 శాతం ఫినాల్‌గానీ, 2 నుంచి 3 శాతం హైపోక్లోరైట్ ద్రావణంగానీ చల్లండి. పేడ మీదే చల్లితే మందు పేడకే సరిపోతుంది.

టీకా విషయం మీ డాక్టరుతో కలిసి తేల్చుకోవాల్సింది. జ్వరం ఉన్నదానికి వేయరు. మిగతావాటికి వేసినా, పూర్తి రక్షణ రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. ఈలోగా టీకా వేసిన ఆవుకు జబ్బు వస్తే టీకా వల్లే వచ్చిందనుకుంటారు, నిజానికి చాలాసార్లు అప్పటికే వైరస్ లోపల ఉంటుంది. ప్రతి ఉదయం ఐదింటికీ జ్వరం చూసి ఒక కాగితం మీద రాయండి. 103 దాటిన రోజే, గడ్డ కోసం చూడకుండా, దాన్నీ వల లోపలికి మార్చండి. చివరి గడ్డ మానిన తర్వాత కూడా కనీసం నాలుగు వారాలు ఏ పశువునూ అమ్మవద్దు, సంతకు తోలవద్దు, ఆబోతు దగ్గరకు తీసుకెళ్లవద్దు.

జబ్బు ఆవుకు యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు, పుళ్లలోనూ ఊపిరితిత్తుల్లోనూ తర్వాత చేరే బ్యాక్టీరియా కోసమే డాక్టరు ఇస్తారు. జ్వరానికి, నొప్పికి మందు, మెత్తటి మేత, ఎప్పుడూ అందేలా నీళ్లు, పుళ్లకు రోజూ శుభ్రం. వ్యాధి సోకిన వందలో ఒకటి నుంచి ఐదు దాకా చనిపోవచ్చు, మిగతావి చాలావరకు తేరుకుంటాయి. పాలు మాత్రం పూర్తిగా మునుపటిలా రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చూలుతో ఉన్న ఆవైతే ఈసుకుపోయే ప్రమాదమూ ఉంది, మీది చూలుతో ఉందా అన్నది డాక్టరుకు ముందే చెప్పండి. ఇది మనుషులకు రాదు. పాలు మరగకాచి తాగొచ్చు, అయితే యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే ఆ మందుకు చెప్పిన రోజులు పూర్తయ్యేదాకా ఆ ఆవు పాలు పారబోయాల్సిందే.

ఈ రాత్రి జ్వరం ఎంతుందో, భుజం ముందు బిళ్ల తగిలిందో లేదో, గీత గీసిన గడ్డ రెండు రోజులకు ఎలా ఉందో రాయండి. పొదుగు మీద గడ్డ ఉంటే అదీ రాయండి, అక్కడుంటే పాలు పిండే పద్ధతి మార్చాల్సి ఉంటుంది.